రబ్బరు మొక్క మీద కత్తి పెట్టే ముందు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో ఊరి కబుర్లన్నీ అయ్యాక చివర్లో చెప్పింది, "రబ్బరు మొక్క సీలింగ్‌కి తగులుతోందట అక్కా, దానికి గాలి అంటు కడతానంటోంది" అని. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సంగతి తర్వాత చెప్తాను, ముందు టెన్షన్. ఆ మొక్క ఎవరిదనుకున్నావు? మా సీతమ్మధార ఇంట్లో మొక్కకి నేను కట్టిన అంటే అది. నీ పెళ్లికి ఇచ్చిన వెండి గిన్నె ఎక్కడుందో నీకు గుర్తుండకపోవచ్చు, ఆ మొక్కకి నీళ్లు పోయడం మాత్రం ఒక్కరోజూ మర్చిపోలేదని మీ అమ్మ అంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించి, ఆ తర్వాత కోసి నాటే పని ఇది. సమయం బాగానే చూసుకున్నావు. జూన్‌లో కడితే ఆగస్టు చివరికి వేళ్లు వస్తాయి, తుఫాన్ల నెలల్లోపు పని అయిపోతుంది. క్రోటన్‌కైతే ఇంకా తొందరగా, నెల, నెలన్నరలో వచ్చేస్తాయి. రబ్బరు మొక్కకి ఓపిక కావాలి.

కొన నుంచి అడుగున్నర కిందికి, బొటనవేలంత లావున్న చోట, ఒక కణుపుకి కొంచెం కిందగా ఎంచుకో. అటూ ఇటూ జానెడు మేర ఆకులుంటే తీసేయి. కత్తికి స్పిరిట్ రాయి. కాండం చుట్టూ బెరడు తెగేలా ఒక గాటు, దానికి అంగుళం కింద ఇంకొక గాటు, రెంటినీ కలుపుతూ నిలువుగా ఒకటి. బెరడు ఉంగరంలా ఊడి వస్తుంది. వెంటనే పాలు కారతాయి. కంగారు పడకు, తడిగుడ్డతో తుడుస్తూ పది నిమిషాలు ఆగు, అవే ఆగిపోతాయి. ఆ పాలు చర్మానికి దురద, కంటికి మంట, చీరకి పడితే ఇక ఆ మరక పోదు. బుడ్డోణ్ని ఆ పది నిమిషాలూ మీ అత్తగారి దగ్గర కూర్చోబెట్టు. వాడు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు, నాకు తెలుసు.

ఇక్కడ ఆగు. ఇప్పుడు నేను చెప్పేది రెండుసార్లు చదువు.

మొట్టమొదటిసారి నేను ఇదే పని చేసినప్పుడు ఆ పాలు చూసి భయపడ్డాను. ఏదో ప్రాణిని కోసినట్టు అనిపించింది. బెరడు ఊడిందిగా, చాలనుకుని గబగబా తడి నాచు, అదే మాస్, చుట్టేసి, పాలిథిన్ కట్టేసి లోపలికి వెళ్లిపోయాను. మూడు నెలలు. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడేదాన్ని. ఒకరోజు పాలిథిన్ లోంచి తెల్లగా ఉబ్బెత్తు బొడిపెలు కనిపించాయి. మీ పెదనాన్నని పిలిచి "వేళ్లు వచ్చాయి" అని అరిచాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "వేళ్లు ఇలా ఉంటాయా?" అన్నారు. మీకేం తెలుసు అని గసిరి, అప్పటికప్పుడు రంపం తెచ్చి కింద కోసేశాను. విప్పి చూస్తే ఒక్క వేరు లేదు. నేను తీసిన చోట కొత్త బెరడు పై అంచు నుంచి కింది అంచుకి వంతెన వేసినట్టు అతుక్కుపోయి ఉంది. ఆ బొడిపెలు గాయం మానడానికి చెట్టు వేసుకున్న కండ. కోసిన కొమ్మ ఆకులు పది రోజుల్లో ఒక్కొక్కటీ రాలిపోయాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

తర్వాత కడియం నర్సరీల్లో పని చేసి వచ్చిన ఒక ముసలాయన బండి మీద మొక్కలమ్ముతూ మా వీధికి వస్తే అడిగాను. ఆయన నవ్వి, "గోకలేదు కదమ్మా" అన్నాడు. బెరడు తీశాక చెక్క మీద పల్చగా, జారుడుగా ఒక పొర మిగులుతుంది. బెరడుని మళ్లీ పుట్టించేది అదే. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతుంది, నీళ్లు చెక్క గుండా పైకి ఎక్కుతాయి. దారి మధ్యలో తెంపితే దిగే ఆహారం, వేళ్లు పుట్టించే రసం పై అంచు దగ్గర ఆగిపోతాయి, అక్కడే వేళ్లు పుడతాయి. ఆ జారుడు పొర వదిలేస్తే చెట్టు దారి మళ్లీ వేసుకుంటుంది. ఇక వేళ్లతో దానికి పనేముంది?

కాబట్టి కత్తి వీపుతో గోకు. బొటనవేలితో రాసి చూడు, ఇంకా జారుతుంటే మళ్లీ గోకు. గరుకు చెక్క వేలికి తగిలాకే ఆపు. చెక్కలోకి మాత్రం దిగకు, నీళ్ల దారి తెగుతుంది.

తర్వాత పై అంచుకి వేళ్లు పుట్టించే రూటింగ్ పౌడర్ కాస్త అద్దు. నానబెట్టి, చుక్క కారకుండా పిండిన మాస్ రెండు గుప్పిళ్లు చుట్టూ పెట్టి, పారదర్శకమైన పాలిథిన్‌తో చుట్టు. పై ముడి టేపుతో గట్టిగా బిగించు. మన వానకి కాండం వెంట నీళ్లు జారి లోపలికి దిగితే మాస్ కుళ్లి నల్లబడుతుంది. దాని మీద వంటింటి ఫాయిల్ చుట్టు, వేళ్లకి చీకటి కావాలి. వారానికోసారి ఫాయిల్ తీసి చూడు. మాస్ పాలిపోయి తెల్లగా అయితే ఇంజెక్షన్ సిరంజితో కాసిన్ని నీళ్లెక్కించు.

ఇంకో సంగతి, ఇది బతిమాలి చెప్తున్నాను. గోకిన చోట కాండం బలహీనంగా ఉంటుంది. నీది నాలుగో అంతస్తు బాల్కనీ. ఉంగరానికి పైనా కిందా కలిపి ఒక వెదురు కర్ర కట్టు, కుండీని గ్రిల్‌కి కట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మర్నాడు తెల్లారేసరికి మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. అప్పట్నుంచి కిటికీ తలుపు కొట్టుకున్నా నేను కుండీలు లెక్కపెడతాను. నన్ను నవ్వుకో, కర్ర మాత్రం కట్టు.

వేరు ఎలా ఉంటుందో చెప్పాలి కదా. దారంలా పొడుగ్గా, మొన తేలి, మాస్‌ని చీల్చుకుని పాలిథిన్‌కి తగిలి పక్కకి తిరుగుతుంది. ఒకటి రెండు కనిపిస్తే చాలదు, నాలుగువైపులా కనిపించాలి. అప్పుడు మాస్‌కి కాస్త కింద కోసి, పాలిథిన్ మెల్లగా విప్పి, మాస్ కదపకుండా చిన్న కుండీలో నాటు. పెద్ద కుండీలో మట్టి ఆరక వేళ్లు కుళ్లుతాయి. మూడు వారాలు ఎండ తగలనివ్వకు.

మిగిలిన తల్లి మొక్క ఆకుల్లేని మోడులా కనిపిస్తుంది. దాన్ని ఇంకా కిందికి, రెండడుగుల ఎత్తులో, కణుపుకి కాస్త పైన మళ్లీ కోసెయ్. ఆకులు లేనప్పుడు అది నీళ్లు తాగదు, అందుకని మట్టి పైన ఆరాకే పొయ్యి. నెలా నెలన్నరలో కణుపుల దగ్గర ఎర్రటి ముక్కులు పొడుచుకొస్తాయి. అంతవరకూ మీ అత్తగారు "ఎండిపోయింది, పారెయ్" అంటే సరేనని తలూపి, బాల్కనీ మూలకి జరిపి ఉంచు.

కోసే రోజు నాకు చెప్పు. రంపం ఇంకా నా దగ్గరే ఉంది, పట్టుకొస్తాను. ఈసారి కళ్లద్దాలు నేనే పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ