స్కూల్ ఫుట్‌బాల్ టీమ్ కిట్ బ్యాగ్: లిస్ట్ ఉన్నా ఏదో ఒకటి మిగిలిపోతోందా?

"పిల్లల్ని టోర్నమెంట్‌కి తీసుకెళ్తున్నాను. లిస్ట్ రాసుకున్నా గ్రౌండ్‌లో దిగాక ఏదో ఒకటి కనబడదు. బ్యాగ్ ఎలా సర్దాలి?"

మీరు వస్తువుల్ని లెక్కపెట్టి టిక్ కొడుతున్నట్టున్నారు. చాలామంది చేసేదదే. పేరు పేరునా చూస్తే ఈ తిప్పలు ఉండవు.

1. ఎంట్రీ ఫారం చేతిలో పెట్టుకుని ఒక్కో పేరూ, నంబరూ చదువుతూ జెర్సీ మడిచి పెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. లెక్కకి 16 జెర్సీలూ ఉంటాయి, కానీ 7వ నంబరు ఎవరింట్లోనో ఉతుకులో ఉంటుంది, దాని బదులు పాత సెట్‌లోది ఒకటి వచ్చి చేరుతుంది. ముందురోజు సాయంత్రమే చూస్తే తెప్పించుకునే వ్యవధి ఉంటుంది.

2. గోల్‌కీపర్ జెర్సీ రెండు రంగుల్లో పెట్టండి. దాని రంగు మిగతా ఆటగాళ్ల జెర్సీల రంగుకీ, రిఫరీ జెర్సీ రంగుకీ వేరుగా ఉండాలి. అవతలి టీమ్ ఏ రంగులో వస్తుందో ముందే తెలియదు కదా.

3. బూట్లు, సాక్సులు, షిన్ గార్డులు ఎవరి బ్యాగ్‌లో వాళ్లవే. షిన్ గార్డులు లేకుండా ఆడనివ్వరు, కాబట్టి అదనంగా ఒక జత మీ దగ్గర ఉంచండి.

4. బంతులు, పంపు, రెండు సూదులు. సూది తడిపి గుచ్చండి, పొడిగా గుచ్చితే వాల్వ్ పాడవుతుంది.

5. ఫస్ట్ ఎయిడ్: గ్లోవ్స్, గాజ్, ప్లాస్టర్లు, క్రేప్ బ్యాండేజ్, టేపు, కత్తెర, నలిపితే చల్లబడే కోల్డ్ ప్యాక్‌లు. రక్తం అంటిన జెర్సీతో మళ్లీ దిగనివ్వరు, అందుకని అదనపు జెర్సీ ఒకటి ఇందులోనే పెట్టండి. ఇన్‌హేలర్ వాడే పిల్లలుంటే దానిమీద పేరు రాయించండి. ఈ సంచీ బస్సు డిక్కీలో వేయకండి, మీ సీటు దగ్గరే ఉండాలి.