కుళ్లిన కటింగ్స్‌కు డబ్బు ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది మధురవాడ. మేడ మీద పెంచిన హోయా అనే అలంకరణ తీగ కటింగ్స్‌ను రెండేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. మే 8, గురువారం నాగపూర్‌కు 12 కటింగ్స్ పంపాను. ఒక్కోటి 200, మొత్తం 2,400 రూపాయలు, కొరియర్‌కు 180. తడి న్యూస్‌పేపర్ చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి టేపు వేశాను. చవకని, విమానంలో కాకుండా నేల మీదుగా వెళ్లే సర్ఫేస్ కొరియర్‌లో బుక్ చేశాను. 4–5 రోజుల్లో అందుతుందని పేజీలో రాసుకున్నాను, 16న అందింది. కొన్నాయన ఆ రాత్రే ఫొటోలు పంపారు. 7 కుళ్లిపోయాయి, 5 ముడతలు పడ్డాయి. మొత్తం డబ్బు, పైన 10,000 పరిహారం ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానంటున్నారు. ‘పార్సిల్ బయల్దేరాక బాధ్యత మాది కాదు, రిఫండ్ లేదు’ అని పేజీలో ముందే రాసి ఉంది. అది చాలదా? ఇకపై కూరగాయల విత్తనాలు కూడా అమ్ముదామనుకుంటున్నాను.

జవాబు: చాలదమ్మా. ఆ వాక్యం మీద ఆశ పెట్టుకోకండి.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారుకు చేర్చమని సరుకును రవాణాదారు చేతికిస్తే, మామూలుగా కొనుగోలుదారుకు ఇచ్చినట్టే లెక్క. దారిలో జరిగే నష్టం కొన్నవారిదే. మీరు రాసుకున్న వాక్యం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే కావచ్చు. కానీ అదే సెక్షన్‌లో రెండో భాగం ఉంది. సరుకు స్వభావాన్ని బట్టి అమ్మినవారు తగిన రవాణా ఏర్పాటు చేయాలి. అలా చేయకపోతే, ‘కొరియర్‌కు ఇవ్వడం నాకు ఇచ్చినట్టు కాదు’ అనే హక్కు కొన్నవారికి ఉంటుంది. మే నెలలో, విదర్భ ఎండలోకి, వేరు లేని కొమ్మల్ని గురువారం సర్ఫేస్‌లో పంపడం తగిన ఏర్పాటేనా అని కమిషన్ అడిగితే మీ దగ్గర గట్టి జవాబు లేదు. శని, ఆదివారాలు ఆ డబ్బా ఏదో గోడౌన్‌లో రేకుల కింద ఉండిపోయే అవకాశం ఎక్కువ. ట్రాకింగ్ పేజీలో అది ఎక్కడ ఎన్ని గంటలు ఆగిందో కనిపిస్తుంది. ఆ పేజీ ఫొటో ఇప్పుడే తీసిపెట్టుకోండి.

దానికి తోడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ ఉంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా ఇవ్వాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. మీరు బిల్లు ఇచ్చినట్టు రాయలేదు గనుక ఈ మాట చెప్తున్నాను. ‘రిఫండ్ లేదు’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ బాధ్యత పోదు.

అలాగని పన్నెండింటికీ మీరే బాధ్యులని నేను అనను. ఆయన పంపిన ఫొటోలు దగ్గరగా పెట్టి చూడండి. కోసిన చివర నల్లబడి, నొక్కితే మెత్తగా జారిపోయేలా ఉండి, కుళ్లు కణుపు దాకా పైకి పాకి, పై ఆకు మాత్రం ఇంకా పచ్చగా ఉంటే, అది తడి ఎక్కువైన గుర్తు. పిండకుండా చుట్టిన కాగితం, గాలాడని కవర్, లోపల వేడి కలిసి చేసే పని అది. ఆ తప్పు ప్యాకింగ్‌ది. కొమ్మ గట్టిగానే ఉండి ఆకులు మాత్రమే ముడతపడితే అది ఎండిన గుర్తు. హోయా ఆకులో నీరు నిల్వ ఉంటుంది కాబట్టి అలాంటి కొమ్మలు నీళ్లు పట్టాక చాలావరకు తేరుకుంటాయి. ప్రయాణంలో ఇంతమాత్రం వాడిపోవడం సహజం, దాన్ని లోపమనలేం. ‘నా పూచీ మీదే చేరుస్తాను’ అని అమ్మినవారు మాట ఇచ్చినప్పుడు కూడా, వేరే ఒప్పందం లేకపోతే, ప్రయాణంలో తప్పని తరుగును కొన్నవారే భరించాలని 40వ సెక్షన్ అంటుంది.

నేనైతే ఇలా తేలుస్తాను. కుళ్లిన 7కు 1,400. కొరియర్ ఖర్చులో వాటి వాటా 105. మొత్తం 1,505 రూపాయలు ఈ వారంలోనే పంపండి. 10,000 మాట వేరు. ఆయనకు నిజంగా ఎంత నష్టం, ఎంత ఇబ్బంది కలిగిందో ఆయనే చూపించాలి. మీరు వెంటనే డబ్బు ఇచ్చేస్తే ఆ కోరికకు బలం బాగా తగ్గుతుంది. కోపంలో ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో ఇలా రాయండి:

‘నమస్తే. మీరు పంపిన ఫొటోలు చూశాను. కుళ్లిన 7 కటింగ్స్ ధర, వాటి కొరియర్ వాటా కలిపి 1,505 రూపాయలు ఈ రోజే పంపుతున్నాను. మిగతా 5 కొమ్మలను అరగంట నీళ్లలో ఉంచి, నీడలో తడి కోకోపీట్‌లో నాటండి. 15 రోజుల్లో తేరుకోకపోతే ఫొటో పెట్టండి, వాటికీ డబ్బు ఇస్తాను.’

ఆ చివరి వాక్యం తప్పనిసరి కాదు. కానీ 1,000 రూపాయల పూచీతో కేసు తప్పుతుందంటే నేను రాయమనే చెప్తాను. ఎందుకంటే ఆయన తన ఊళ్లోనే, నాగపూర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, విశాఖ రానక్కర్లేదు. సరుకు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, రెండేళ్ల గడువుంది. నోటీసు వస్తే 30 రోజుల్లో జవాబు వేయాలి. కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. చిన్న మొత్తమని పక్కన పడేసిన నోటీసులే ఏకపక్ష తీర్పుల దాకా వెళ్తాయి.

కొరియర్ నుంచి రాబట్టుకోవడం కష్టం. మీ రసీదు వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. పాడయ్యే సరుకుకు బాధ్యత లేదని చాలామంది రాసుకుంటారు.

ఇక ముందు సంగతి. పేజీలోని పాత వాక్యం తీసేసి, మీరు నిలబెట్టుకోగలిగినదే రాయండి: కుళ్లితే లేదా విరిగితే డబ్బు వాపసు; ఆకు పసుపు రంగుకు మారడం, ఒకటి రెండు ఆకులు రాలడం సహజం; పార్సిల్ అందిన 24 గంటల్లో ఫొటో పంపాలి. పార్సిల్ విప్పే వీడియో అడగండి, కానీ వీడియో లేదన్న ఒక్క కారణంతో కాదనకండి, ఫొటోలు స్పష్టంగా ఉంటే కమిషన్ వాటినీ చూస్తుంది. ‘4–5 రోజుల్లో’ అని మాట ఇవ్వకండి, ‘సోమ, మంగళవారాల్లోనే పంపుతాం’ అని రాయండి, అది మీ చేతిలో ఉంటుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ వర్షాలు పడేదాకా ఉత్తరాదికి ఆర్డర్లు తీసుకోకండి. మనకు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు బుక్ చేసి, తర్వాత ప్రకృతి వైపరీత్యమని చెప్పుకుంటే వినేవారుండరు. ప్యాక్ చేసేటప్పుడు కోసిన చివరకు మాత్రమే, గట్టిగా పిండిన కాగితం చుట్టండి. ఆకులు పొడిగా ఉండాలి, డబ్బాకు గాలి రంధ్రాలుండాలి. పెట్టె మూసేదాకా ఒక వీడియో తీసి, అసలు ఫైలునే ఫోన్‌లో దాచండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీలో తీసిన తేదీ వివరాలు పోతాయి.

కూరగాయల విత్తనాలకు దారి వేరు. 1966 విత్తనాల చట్టం ‘విత్తనం’ అన్నప్పుడు ఆహార పంటల నారు, దుంపలు, కటింగ్స్, అంట్లు కూడా కలుపుతుంది. హోయా అందులోకి రాదు, టమాటా, వంగ విత్తనాలు వస్తాయి. వాటిని వ్యాపారంగా అమ్మాలంటే 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు కావాలి. ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకముందే జిల్లా వ్యవసాయ శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి.