దోస్తు నిశ్చితార్థంలో మైకు పట్టుకుని ఏం చెప్పాలి?

నాకు 26 ఏళ్ళు, హనుమకొండలో ఉద్యోగం. ఇంటర్ నుంచి నా ప్రాణదోస్తు అయిన అమ్మాయి నిశ్చితార్థం వచ్చే ఆదివారం. ఉంగరాలు మార్చుకున్నాక నేను మైకులో రెండు ముక్కలు మాట్లాడాలని పట్టుబట్టింది. రాద్దామని కూర్చుంటే జోకులే వస్తున్నాయి, లేదంటే శుభలేఖలో మాటల్లా ఉంటున్నాయి. ఏటా ఇద్దరం కలిసే బతుకమ్మ పేరుస్తాం. అది సగం పేర్చి ఫోటోలకు పోతుంది, మిగతా సగం నేనే పేర్చాలి. అబ్బాయిది కరీంనగర్. అతణ్ణి పెళ్ళిచూపుల్లో ఒక్కసారే చూశాను, తాగిన చాయ్ కప్పులు తనే తీసి వంటింట్లో పెట్టి వచ్చాడు. సంతోషంగానే ఉంది, కానీ అది వెళ్ళిపోతుందంటే గొంతు పట్టేస్తోంది.
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జోకులు రానివ్వండమ్మా. కాకపోతే ఆ హాల్లో సగం కుర్చీల్లో ఉండేది అబ్బాయి తరఫువాళ్ళు. మీ దోస్తు గురించి వాళ్ళకు తెలిసింది చాలా తక్కువ. ‘వికెట్ పడింది’, ‘పాపం బావగారు, ఇక అయిపోయారు’ లాంటివి మీ గ్యాంగులో నవ్వు తెప్పిస్తాయి. అవే మాటలు ఆ కుర్చీల్లోని మేనత్తకు పిల్ల గురించి అందిన మొదటి సమాచారం అవుతాయి. రాసిన ప్రతి జోకునూ ఇలా పరీక్షించండి: కాబోయే అత్తగారు దీన్ని రేపు పక్కింటావిడకు నవ్వుతూ చెప్పుకోగలరా? చెప్పుకోగలరంటే ఉంచండి. కాలేజీ నాటి ముద్దుపేర్లు, ‘ఒకప్పుడు ఫలానా అబ్బాయి’ కథలు ఈ పరీక్షలో ఎలాగూ నిలవవు.

ఇక దీవెన సంగతి. మీ చేతికి మైకు వచ్చేసరికి పెద్దవాళ్ళు అక్షింతలు వేసి నిండు నూరేళ్ళు, పిల్లాపాపలు అన్నీ చెప్పేసి ఉంటారు. ఆ మాటలు వాళ్ళ వయసుకు నప్పుతాయి. ఈడు పిల్ల నోట అరువు మాటల్లా ఉంటాయి, మీకు శుభలేఖలా అనిపించింది అందుకే. ‘అత్తగారింట్లో మంచి పేరు తెచ్చుకో బిడ్డా’ అని కూడా ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మీరు మాత్రం అనకండి. బరువంతా ఆమె ఒక్కదాని నెత్తినే పెట్టే మాట అది. దోస్తుగా మీరు ఆమె కోసం ఏదైనా కోరాలి, అదీ ఇద్దరి కాపురానికీ పనికొచ్చేదిగా ఉండాలి.

దానికి కావలసిన సరుకు మీ ఉత్తరంలోనే ఉంది. నేనైతే ఇలా కూర్చుతాను:

“మా బతుకమ్మలో కింది సగం తనది, పై సగం నాది. మధ్యలో తను ఫోటోలకు పోతుంది. బావగారూ, ఆ రోజు చాయ్ కప్పులు మీరే తీసి లోపల పెట్టడం చూశాను. మిగతా సగం పేర్చే మనిషి దొరికాడని అప్పుడే అనుకున్నాను. మీ ఇంట్లో ఏ పనైనా ఇద్దరి చేతుల మీదుగా జరగాలి. సద్దుల బతుకమ్మకు ఏటా ఇద్దరూ కలిసి ఇక్కడికి రావాలి. చల్లగా ఉండండి.”

ఇంట్లో మీరు ‘అది’, ‘ఇది’ అనుకున్నా మైకులో ‘తను’ అనండి. చాయ్ కప్పుల మాట ఎందుకు పెట్టానంటే, అది మీరు కళ్ళారా చూసింది. ‘మా పిల్లను జాగ్రత్తగా చూసుకోండి’ అంటే అబ్బాయివాళ్ళ చెవికి హెచ్చరికలా తగలవచ్చు. కప్పుల సంగతి చెబితే అతని తల్లికి తన పెంపకాన్ని మెచ్చుకున్నట్టు ఉంటుంది, మీ కోరికా చేరాల్సిన చోటికి చేరుతుంది. ఇక పెళ్ళయిన ఆడపిల్ల బతుకమ్మకు పుట్టింటికి రావడం మన దగ్గర ఉన్నదే కాబట్టి ఆ మాటకు ఎవరూ మొహం ముడుచుకోరు. అతన్నీ కలిపి పిలిచారు చూడండి, దానికి నవ్వుతారు కూడా.

ఇది నిమిషం కూడా పట్టదు, అంతకు మించి వద్దు. అప్పటికే భోజనాల వైపు కుర్చీలు కదులుతుంటాయి. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని ఇంట్లో పైకి చదవండి. నా అంచనా ప్రకారం మీ గొంతు పట్టేసేది సద్దుల బతుకమ్మ దగ్గర. అక్కడ ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ‘నన్ను మర్చిపోకే’ అని మాత్రం మైకులో అనకండి. ఆ మాట అంటే తన నిశ్చితార్థం రోజున తనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. పెళ్ళికి ముందు ఏదో ఒక సాయంత్రం ఇద్దరే కూర్చున్నప్పుడు చెప్పండి. అప్పుడు ఏడ్చినా ఫర్వాలేదు.

వాట్సాప్ స్టేటస్ పెట్టేముందు ఆమెను ఒక్కమాట అడగండి. ఇంకా ఫోన్ చేసి చెప్పాల్సిన చుట్టాలు ఉంటారు, వాళ్ళు మీ స్టేటస్‌లో చూసి అలిగితే సర్దిచెప్పుకోవాల్సింది వాళ్ళమ్మ. ఫోటో కింద ‘వివాహ శుభాకాంక్షలు’ అని ఉన్న రెడీమేడ్ బొమ్మ కాకుండా నిశ్చితార్థానికి తగిందే పెట్టండి.