ప్రమోషన్ పోస్ట్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చదివాను. మీ టీమ్‌లో అక్కకి టెస్ట్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చిందని లింక్డిన్‌లో పెట్టడానికి రాసింది కదా. కష్టపడే మనిషి, అంకితభావం, ఈ ప్రమోషన్‌కి నూటికి నూరుపాళ్లు అర్హురాలు అని నాలుగు లైన్లు రాశావు, ఒక్కటీ అబద్ధం కాదు, కానీ ఆమె పేరు తీసేసి పక్క సీట్లో ఉన్నాయన పేరు పెట్టినా ఆ పోస్ట్ అలాగే సరిపోతుంది, అక్కడే వచ్చింది ఇబ్బంది.

మొన్న ఫోన్‌లో నువ్వు మాటల్లో మాటగా ఒకటి చెప్పావు గుర్తుందా? మీ యాప్ రిలీజ్ ముందు రోజు ఆమె ఫోన్ పట్టుకుని ఆఫీసు లిఫ్ట్ ఎక్కి కిందకీ పైకీ తిరుగుతోందని, ఏంటక్కా అంటే "లిఫ్ట్‌లో సిగ్నల్ పోతుంది కదా, అప్పుడు జనం బటన్ మళ్లీ నొక్కుతారు, ఏమవుతుందో చూడాలి" అందని. ప్రతి శుక్రవారం ఓ గంట కస్టమర్ కేర్ వాళ్ల పక్కన కూర్చుని కాల్స్ వినేదని, వాళ్ల మాటల్లోంచే టెస్ట్ కేసులు రాసుకునేదని కూడా చెప్పావు. అది రాయి. అదే పోస్ట్. కష్టపడుతుంది అని నువ్వు చెప్పక్కర్లేదు, లిఫ్ట్ సంగతి చదివిన వాళ్లకి అదే తెలిసిపోతుంది.

మొదటి రెండు మూడు లైన్లే ఫీడ్‌లో కనిపిస్తాయి, మిగతాది మోర్ అని నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి "ఈ శుభ సందర్భంగా తెలియజేయుటకు సంతోషిస్తున్నాను" అని మొదలెడితే ఆ జాగా అంతా అక్కడే అయిపోయింది. ఇలా మొదలెట్టి చూడు: "మా టీమ్ కొత్త టెస్ట్ లీడ్, రిలీజ్ ముందు ఫోన్ పట్టుకుని లిఫ్ట్ ఎక్కుతారు. సిగ్నల్ పోయినప్పుడు మన యాప్ ఏం చేస్తుందో చూడ్డానికి." తర్వాత శుక్రవారం కాల్స్ సంగతి. ఆ తర్వాత ఆమెని చూసి నువ్వు మార్చుకున్న ఒక్క పని, అంటే టెస్ట్ కేసు రాసే ముందు ఒక కంప్లయింట్ అయినా నీ చెవులతో వినడం. చివర్లో కొత్త పని గురించి ఒక్క మాట, ఎందుకంటే లీడ్ అయ్యాక ఆమె పట్టే బగ్స్ కంటే ఆమె టీమ్ పట్టేవే లెక్కలోకి వస్తాయి, ఆ శుక్రవారం గంట ఇప్పుడు అందరికీ అలవాటైతే బాగుంటుందని రాయొచ్చు. మూడు వేల అక్షరాల దాకా రాయనిస్తారు గానీ నీకు నూట ఇరవై మాటలు చాలు.

కొన్ని మాత్రం వద్దు. ఆ లిఫ్ట్ టెస్ట్‌లో రిఫండ్ రెండుసార్లు వెళ్లిపోయిందని చెప్పావు చూడు, అది రాయకు. క్లయింట్ పేరు, ఎంత డబ్బు, ఏ నెల రిలీజ్, ఇవేవీ వద్దు. ఆమె పని తీరు చెప్పడానికి కంపెనీ లోపలి తప్పు బయటపెట్టక్కర్లేదు. ఇద్దరు పిల్లలున్నా ఇంత చేసింది, జ్వరంతో కూడా వచ్చింది అని అస్సలు రాయకు. పిల్లలున్న మగాయన గురించి అలా రాస్తామా? జ్వరంతో రావడాన్ని పొగిడితే రేపు జాయిన్ అయ్యే కుర్రాడికి అదే రూలు అనిపిస్తుంది.

ట్యాగ్ ఆమె ఒక్కర్నే చెయ్యి. @ కొట్టి లిస్ట్‌లోంచి ఆమె ప్రొఫైల్ ఎంచుకో, ఊరికే పేరు టైప్ చేస్తే ఆమెకి నోటిఫికేషన్ వెళ్లదు. మేనేజర్‌ని, డైరెక్టర్‌ని ట్యాగ్ చేస్తే పోస్ట్ ఆమె కోసమా వాళ్ల కోసమా అని చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

ఇంకోటి, ఇది నేను చేసిన తప్పే. చాలా ఏళ్ల కిందట ఒక సహోద్యోగి ప్రమోషన్ సంగతి నోటిమాటగా విని ఆ సాయంత్రమే పోస్ట్ పెట్టేశాను. అప్పటికి ఆయన చేతికి లెటర్ రాలేదు. అదే టీమ్‌లో అదే ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్న ఇద్దరికి, తమకి రాలేదన్న సంగతి నా పోస్ట్ చూసే తెలిసింది. ఒకావిడ మర్నాడు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని ఏమీ అనలేదు, టీ మాత్రం తాగకుండా వదిలేసి వెళ్లిపోయింది. అందుకే ఆఫీసులో అందరికీ మెయిల్ వచ్చాక, ఆమె తన ప్రొఫైల్‌లో హోదా మార్చుకున్నాక అప్పుడు పెట్టు. ఒక వారం లేటైనా ఏం కాదు, మొదటిరోజు అందరూ కంగ్రాట్స్ కొడతారు, వాటి మధ్య నీది కలిసిపోతుంది కూడా.

రేపు లంచ్‌లో ఆమెకి చూపించు. లిఫ్ట్ సంగతి అందరికీ తెలియడం ఆమెకి ఇష్టం లేకపోవచ్చు, అలాగైతే అది తీసేసి శుక్రవారం కాల్స్‌తో మొదలెట్టు. మార్చింది నాకు రాత్రికి పంపు, చూస్తాను.

మీ అన్నయ్య