మెటీరియాలిటీ 4 లక్షలు పెట్టి, టెస్టింగ్ మాత్రం 2.4 లక్షలతో ఎందుకు?

ప్రశ్న: వైజాగ్ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఆడిట్‌కి వెళ్తున్నాను, ఆర్టికల్‌షిప్ మొదటి ఏడాది. టర్నోవర్ 18 కోట్లు, పన్నుకు ముందు లాభం 22 లక్షలు, డైరెక్టర్లిద్దరి జీతాలు 58 లక్షలు. మా సీనియర్ మెటీరియాలిటీ 4 లక్షలు రాసి, టెస్టింగ్‌కి 2.4 లక్షలు వాడమన్నారు. ఈ రెండూ ఎలా వచ్చాయి సార్?

జవాబు:

మెటీరియాలిటీ అంటే లెక్కలు చదివేవాళ్ళ నిర్ణయాన్ని మార్చగలిగేంత తప్పుకి మనం పెట్టుకునే హద్దు. ఇక్కడ 4 లక్షలు 80 లక్షల మీద 5 శాతం. 22 లక్షల లాభానికి 58 లక్షల జీతాలు కలిపితే 80. భార్యాభర్తలే డైరెక్టర్లుగా ఉన్న కంపెనీల్లో లాభంలో పెద్ద భాగం జీతం రూపంలో బయటికి పోతుంది. ఏటా అలాగే జరుగుతుంటే జీతాలకు, పన్నుకు ముందున్న లాభాన్ని బెంచ్‌మార్క్‌గా తీసుకోవచ్చని ఆడిటింగ్ స్టాండర్డ్ ఎస్‌ఏ 320 కూడా చెబుతుంది. తయారీ కంపెనీకి 5 శాతం అన్నది అందులో ఉదాహరణగా ఇచ్చిన అంకె మాత్రమే, రూలు కాదు. ఉత్త 22 లక్షల మీద లెక్కేస్తే 1.1 లక్షలు వస్తుంది. 18 కోట్ల కంపెనీలో అంత చిన్న అంకె పెట్టుకుంటే ప్రతి వోచరూ తిరగెయ్యాల్సిందే. టర్నోవర్ మీద 1 శాతం అంటే 18 లక్షలు, దాదాపు చూపించిన లాభమంతా అందులోనే కొట్టుకుపోతుంది. అయితే 4 లక్షలు కూడా 22 లక్షల్లో 18 శాతం. అందుకే బ్యాంకు ఈ కంపెనీలో ఏం చూసి క్యాష్ క్రెడిట్ ఇచ్చిందో వర్కింగ్ పేపర్లో రాయాలి. డైరెక్టర్ల జీతాలు, వాళ్ళ లోన్ ఖాతాల వంటి వాటికి ఇంకా తక్కువ అంకె విడిగా పెట్టుకోవడం మంచిది.

ఇక 2.4 లక్షల సంగతి. అది 4 లక్షల్లో 60 శాతం, దాన్నే పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ అంటారు. ఎందుకు తగ్గించాలో మీ కంపెనీలాంటి చోటే చూద్దాం. గాల్వనైజింగ్‌కి జాబ్‌వర్కర్ దగ్గరికి పంపిన సరుకు 2.8 లక్షలది. డెలివరీ చలాన్ ప్రకారం దాన్ని ఒకసారి, యార్డు లిస్టులో ఇంకోసారి లెక్కేశారు. ఇంకోవైపు మార్చి 30న 2.6 లక్షల బిల్లు కొట్టారు, గేట్ పాస్‌లో లారీ బయటికెళ్ళింది ఏప్రిల్ 2న. ఆ సరుకు మార్చి 31 స్టాకులోనూ ఉంది. రెండు తప్పులూ లాభాన్ని పెంచేవే. విడివిడిగా ఏదీ 4 లక్షలు దాటదు, కలిస్తే 5.4 లక్షలు. 4 లక్షల తప్పును పట్టుకునేలా టెస్టులు డిజైన్ చేస్తే రెండూ జారిపోయే అవకాశం ఎక్కువ. 2.4 లక్షలకు డిజైన్ చేస్తే వీటిలో ఏదైనా చేతికి చిక్కే అవకాశం పెరుగుతుంది. మిగిలిన 1.6 లక్షలు, మనం పట్టలేకపోయిన చిన్నా చితకా తప్పులకీ, కంపెనీ సరిచెయ్యనంటూ వదిలేసిన వాటికీ కలిపి ఉంచిన జాగా.

ఈ తేడా శాంపిల్‌లో సూటిగా కనిపిస్తుంది. పెద్ద బాకీలన్నీ విడిగా చూసేశాక డెటార్లలో 48 లక్షలు మిగిలాయనుకోండి. వాటిలో తప్పుండే రిస్కుని బట్టి మీ ఆఫీసు వాడే ఫ్యాక్టర్ 2 అయితే, 48ని 4తో భాగించి 2తో గుణిస్తే 24 బ్యాలెన్సులు. 2.4తో భాగిస్తే 40. అదనంగా పడే ఆ 16 కన్ఫర్మేషన్లే పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ తగ్గించినందుకు చెల్లించే ఖర్చు.

60 శాతమే ఎందుకంటే స్టాండర్డ్‌లో అంకె లేదు. ఆఫీసుల్లో సాధారణంగా 50 నుంచి 75 మధ్య పెడతారు. మొదటి ఏడాది ఆడిట్, ట్యాలీలో ఎంట్రీలన్నీ ఒక్క అకౌంటెంటే వెయ్యడం, స్టాకు రిజిస్టర్ ఏడాది చివర ఒకేసారి రాయడం, గతేడాది పెద్ద సర్దుబాట్లు రావడం: ఇవి ఉంటే 50 వైపు జరగాలి. టెంప్లేట్‌లో 75 ఉంది కదా అని అలాగే వదిలేసే ఫైళ్ళు ఎక్కువ, అక్కడ కారణం అడిగితే జవాబుండదు.

ఎక్కువమంది పొరబడేది ఇంకొకటుంది. దొరికిన తప్పు 2.4 లక్షల లోపే కదా అని వదిలెయ్యకూడదు. ఎస్‌ఏ 450 ప్రకారం మరీ అల్పమైనవి తప్ప దొరికినవన్నీ జాబితాలో కలుపుతూ పోవాలి. ఆ అల్పం హద్దుగా మెటీరియాలిటీలో 5 శాతం, అంటే ఇక్కడ 20 వేలు, పెట్టుకోవచ్చు. సరిచెయ్యకుండా మిగిలిన మొత్తాన్ని చివర్లో పోల్చేది 4 లక్షలతో, 2.4తో కాదు. మొత్తం 3.6 దగ్గరికొస్తే, పట్టనివి కూడా కలిస్తే 4 దాటిపోతుందన్న అనుమానంతో కొన్నైనా సరిచెయ్యమని అడగాల్సిందే.

80 లక్షలు డ్రాఫ్ట్ ట్రయల్ బ్యాలెన్స్ నుంచి వచ్చిన అంకె అయితే, చివర్లో మళ్ళీ లెక్కెయ్యండి. పై 5.4 లక్షలు తీసేసి, కొత్త ప్లాస్మా కటింగ్ మెషిన్‌పై మర్చిపోయిన డిప్రిసియేషన్ 14.6 లక్షలు వేస్తే లాభం 60కి పడుతుంది. అప్పుడు మెటీరియాలిటీ 3 లక్షలు, పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ 1.8. అప్పటికి పూర్తయిన డెటార్ల టెస్టు చాలదు: అదే 48 లక్షలకు ఇప్పుడు సుమారు 53 బ్యాలెన్సులు కావాలి, ఇంకో 13 పంపాలి.