అక్క జీతం సరిపోతోందా? ముందు గంటలు లెక్కపెట్టండి

"మేము లండన్ పక్కన స్లౌలో ఉంటాం. బాబుకు ఆరేళ్లు, పాపకు ఏడాదిన్నర. మా ఇద్దరివీ ఉద్యోగాలు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక అక్క పది నెలలుగా మా ఇంట్లోనే ఉంటూ వంట, పిల్లల పని చూస్తోంది. మాకు బంధువు కాదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 నుంచి సాయంత్రం 6:30 దాకా, శనివారం 9 నుంచి 12:30 దాకా పని. పాప రాత్రి లేస్తే చూసేదీ అక్కే. నెలకు 1,300 పౌండ్లు ఇస్తున్నాం, రూము, భోజనం ఫ్రీ. పోయిన వారం 'జీతం సంగతి కాస్త చూడమ్మా' అంది. ఇంట్లో మనిషిలా చూసుకుంటే మినిమమ్ వేజ్ రూలు ఉండదని, రూము, తిండి కలిపితే రెండు వేలు దాటుతుందని మావారు అంటారు. రోజూ ఇదే గొడవ. మేం తక్కువ ఇస్తున్నామా?"

అవునమ్మా, తక్కువే ఇస్తున్నారు, చాలా తక్కువ. ఎంత తక్కువో మీవారికి ఎలా చూపించాలన్నదే మీ అసలు ఇబ్బంది కాబట్టి, కాగితం మీద పెట్టగలిగేలా చెబుతాను.

ఆయన విన్న రూలు ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఇంట్లోనే ఉంటూ కుటుంబంలో ఒకరిగా మెలిగే పనిమనిషికి కనీస వేతనం ఇవ్వక్కర్లేదన్న మినహాయింపు అది. 2024 ఏప్రిల్ 1న దాన్ని తీసేశారు. మీ అక్క మీ దగ్గర చేరింది ఆ తర్వాతే కాబట్టి మీకు అది ఒక్క రోజు కూడా వర్తించలేదు. ఆమె ఇష్టపడే ఒప్పుకుందన్నా లాభం లేదు, కనీస వేతనానికి తగ్గిన ఒప్పందం ఇక్కడ చెల్లదు. 21 ఏళ్లు దాటినవాళ్లకు 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. అంతకుముందు ఏడాది 12.21.

ఇక రూము, తిండి. రూముకు ప్రభుత్వం ఒక అంకె కట్టేసింది: ఇప్పుడు రోజుకు 11.10 పౌండ్లు. ఉచితంగా రూము ఇస్తే ఆ మొత్తాన్ని జీతానికి కలిపి చూసుకోవచ్చు. స్లౌలో సింగిల్ రూము అద్దె ఎంతున్నా దాంతో పని లేదు, 30 రోజుల నెలకు 333 పౌండ్లకు మించి కలపకూడదు. తిండికి అసలు విలువే లేదు. ఆమె తినే అన్నం, పండక్కి పెట్టే చీర, ఇండియా వెళ్లేటప్పుడు కొనిచ్చే టికెట్, ఏదీ జీతంలోకి రాదు. మీవారు ఇక్కడే పొరపడుతున్నారు. ఆయన మనసులో అవన్నీ ఇచ్చిన లెక్కే, చట్టం దృష్టిలో మీరు ఇస్తున్నది 1,300 ప్లస్ 333, అంటే 1,633 పౌండ్లు. ఆ 1,300 కూడా టాక్స్ కోయకముందు అంకె అయి ఉండాలి. చేతికి వచ్చేది 1,300 అయి, అసలు జీతం అంతకన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువనే తీసుకోండి.

డబ్బు వైపు లెక్క ఇంతే. గొడవంతా గంటల దగ్గర వస్తుంది.

ఉదయం 7 నుంచి 6:30 అంటే పదకొండున్నర గంటలు. అందులో ఏది రెస్ట్, ఏది పని? పాప మధ్యాహ్నం గంటన్నర పడుకుంటుందనుకుందాం. అక్క కూడా అప్పుడు సోఫాలో నడుం వాలుస్తుంది. చాలా ఇళ్లలో ఈ గంటన్నరను కళ్లు మూసుకుని తీసేస్తారు. నేను మాత్రం ఒకే ప్రశ్న అడుగుతాను: ఆ టైములో ఆమె చెప్పులేసుకుని బయటికి వెళ్లగలదా? మీరిద్దరూ ఆఫీసులో ఉన్న రోజు వెళ్లలేదు. పాప లేస్తే ఎత్తుకోవాల్సింది ఆమే, ఇంట్లో ఇంకెవరూ లేరు. పడుకున్న పాపకు కాపలా ఉండడం కూడా పనే, ఆ గంటన్నరకు జీతం రావాలి. మీవారు ఇంటి నుంచి పనిచేసే రోజున బేబీ మానిటర్ తన టేబుల్ మీద పెట్టుకుని "అక్కా, రెండున్నర దాకా నీ ఇష్టం" అని చెబితే, అప్పుడు అది నిజమైన రెస్ట్, తీసేయొచ్చు. ఆయన ఇంట్లోనే ఉన్నా మానిటర్ ఆమె దగ్గరే ఉంటే మాత్రం తీసేయకూడదు.

భోజనం కూడా అంతే. ఒడిలో పాపను పెట్టుకుని, ఒక ముద్ద పాపకూ ఒక ముద్ద తనకూ పెట్టుకునే అరగంటను బ్రేక్ అని రాయకండి.

రాత్రి లెక్క వేరు. రూములో పడుకుని, పిలిస్తే లేచే ఏర్పాటు ఉన్నప్పుడు నిద్రపోయిన గంటలకు కనీస వేతనం రాదు, మేలుకుని పనిచేసిన సేపటికే వస్తుంది. 2021లో ఇక్కడి సుప్రీం కోర్టు కేర్ వర్కర్ల కేసులో ఇదే చెప్పింది. పాప రెండింటికి లేచి, పాలు పట్టి, మళ్లీ పడుకోబెట్టేసరికి రెండున్నర అయితే అరగంట రాసుకోవాలి. పొద్దున్నే రాయకపోతే రెండు రోజులకు ఎవరికీ గుర్తుండదు. అందుకే ఫ్రిజ్ మీద ఒక కాగితం, పక్కన పెన్ను పెట్టండి.

ఒక నెల లెక్క వేసి చూపిస్తాను. 30 రోజులు, అందులో 22 పనిరోజులు, 4 శనివారాలు. మీవారు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తారని, అలాంటి 9 రోజుల్లో అక్కకు గంటన్నర నిజంగా విడిచిపెట్టారని అనుకుంటున్నాను. రాత్రిళ్లు ఎనిమిదిసార్లు అరగంట చొప్పున లేచిందనుకుందాం.

22 రోజులకు పదకొండున్నర చొప్పున 253 గంటలు. రెస్ట్ 13.5 తీసేస్తే 239.5. శనివారాలవి 14, రాత్రివి 4 కలిపితే 257.5 గంటలు. మీరిస్తున్న 1,633ని 257.5తో భాగించండి. గంటకు 6.34 పౌండ్లు వస్తుంది. రావాల్సింది 12.71. అంటే ఆమెకు సగం కూడా అందడం లేదు. 257.5 గంటలకు 12.71 చొప్పున 3,272.83 కావాలి, ఆ ఒక్క నెలకే 1,639.83 బాకీ.

మీ ఇంట్లో నిజంగా జరిగే గంటలు వేరుగా ఉండొచ్చు కాబట్టి నా అంకెల జోలికి పోకుండా మీ నెల మీరు రాయండి. వారానికి ఇన్ని గంటలని సగటు కట్టి పన్నెండు నెలలకూ అదే వాడకండి. జీతం నెలకోసారి ఇస్తుంటే లెక్క కూడా ఆ నెలదే చూస్తారు. సెలవులకు బాబు ఇంట్లో ఉండి పని పెరిగిన నెలలో తక్కువ పడితే, పక్క నెలలో పని తేలికైందన్న మాట దాన్ని పూడ్చదు.

గంటలు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మీరు అక్కను అడిగితే తగ్గించే చెబుతుంది. "అదేం పనమ్మా, పాపతో కూర్చున్నాను అంతే" అంటుంది. ఇలాంటి లెక్కలకు నేను కూర్చున్న ప్రతి ఇంట్లో ఈ మాట విన్నాను. పని పోతుందన్న భయం కొంత, మొహమాటం కొంత. అందుకే "ఎన్ని గంటలు చేస్తున్నావ్" అని అడగకండి. "పొద్దున మొదట ఏ పని మొదలుపెట్టావ్, చివరి పని ఎన్నింటికి అయింది, మధ్యలో నీ రూములో తలుపేసుకున్నదెంతసేపు" అని అడగండి. ఆ కాగితాన్ని ఆమె కూడా చూసి వారానికోసారి సంతకం పెట్టాలి. జీతం లెక్కల కాగితాలు ఆరేళ్లు దాచడం యజమానిగా మీ బాధ్యత, వాటిని చూడమని అడిగే హక్కు ఆమెకుంది.

మీవారితో "మనం ఆమెకు అన్యాయం చేస్తున్నాం" అని మొదలుపెడితే ఆయన మళ్లీ రూము, తిండి దగ్గరికే వస్తారు. ఫ్రిజ్ మీది కాగితం, కాలిక్యులేటర్ తెచ్చి పెట్టి, భాగాహారం ఆయన చేతే చేయించండి. GOV.UKలో మినిమమ్ వేజ్ కాలిక్యులేటర్ ఉంది, రూము సంగతి కూడా అడుగుతుంది, అందులో ఇద్దరూ కలిసి ఒక నెల వేసి చూడండి. పట్టుబడితే బాకీ ఒక్కటే కట్టి బయటపడలేమని కూడా ఆయనకు తెలియాలి. బాకీకి రెండింతల దాకా, ఒక్క మనిషికి 20,000 పౌండ్ల వరకు జరిమానా ఉంటుంది. పాత నెలల బాకీని కూడా అప్పటి రేటుకు వదిలేయరు, ఇప్పటి రేటుకు పెంచి కట్టాల్సిందే.

రూము విలువతో కలిపి నెలకు 3,272 పౌండ్లు మీ ఇద్దరి జీతాలతో కష్టమేనని నాకు తెలుసు. అలాగని గంటలు అవే ఉంచి డబ్బు కొంచెం పెంచి సర్దుకుందామని చూడకండి. అది 1,300 బదులు 1,800 అయినా తక్కువే. ఇవ్వగలిగినంత డబ్బుకు సరిపడా గంటలకు దిగండి. 1,633ని 12.71తో భాగిస్తే నెలకు 128 గంటలు, అంటే వారానికి సుమారు 29 గంటలు. రోజుకు ఆరు గంటలకన్నా కాస్త తక్కువ. పొద్దున బాబును బడికి పంపడం, సాయంత్రం తీసుకురావడం, ఒక పూట వంట అందులో సరిపోతాయి. పాపకు పగలు వేరే దారి చూడాలి. ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగం చేసే పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచే వారానికి 30 గంటలు, ఏడాదిలో 38 వారాల పాటు నర్సరీ ఖర్చు ప్రభుత్వం ఇస్తోంది. మీ జీతాలకు, వీసాకు అది వర్తిస్తుందో లేదో ముందే చూసుకోండి. గంటలు తగ్గిస్తే అక్క మిగతా టైములో ఇంకోచోట పని చూసుకోవచ్చు, కాబట్టి ఆమెతో కూర్చుని మాట్లాడి మార్చండి. ఒక పొద్దున లేచి "ఇక నుంచి సగమే" అనకండి.

పది నెలల బాకీ వేరే పని. ఒక్కో నెల విడిగా లెక్క వేసి, ఏ నెలలో ఎంతో ఆమెకు చూపించి, కట్టే తేదీ రాసివ్వండి. ఇంకా పేరోల్ మీద పెట్టకపోతే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సి దగ్గర యజమానిగా నమోదవ్వండి. బాకీ ఎలా కట్టాలో తెలియకపోతే ఉద్యోగ హక్కుల మీద సలహా ఇచ్చే ఏకాస్ హెల్ప్‌లైన్ 0300 123 1100కి ఫోన్ చేయండి. సలహా ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. అదే నంబరు అక్కకు కూడా ఇవ్వండి, మీరు ఇచ్చారని చెప్పి మరీ ఇవ్వండి. ఆమె మీ ముందు అడగలేనిది అక్కడ అడుగుతుంది.

ఆదివారం ఆమెకు సెలవు కదా, ఆ రోజు ఈ మాట ఎత్తకండి. సోమవారం రాత్రి పిల్లలు పడుకున్నాక, ముగ్గురూ కూర్చుని మొదలుపెట్టండి. ఆ అరగంట కూడా కాగితంలో రాయండి.