పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను, ఇప్పుడు వద్దంటే చెల్లుతుందా?

ప్రశ్న: మేడం, నేనూ అతనూ హైదరాబాద్‌లో మూడేళ్లు కలిసి ఉన్నాం, పెళ్లి కాలేదు. రెండు నెలల క్రితం విడిపోయాం. నా జీమెయిల్ అతని ల్యాప్‌టాప్‌లో ఇంకా లాగిన్ అయ్యే ఉందనుకుంటా, నేను ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా అతనికి తెలిసిపోతోంది. నేను వాడే సిమ్ కూడా అతని పేరు మీదే తీసుకున్నాం. పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను కాబట్టి కేసు నిలబడదని ఫ్రెండ్ అంటోంది, నిజమేనా? అతని గూగుల్ ఖాతా నా ఫోన్‌లో ఉంది, అందులో మా ఫొటోలు డిలీట్ చేసేయొచ్చా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది సగమే నిజం. ఐటీ చట్టం 43వ సెక్షన్ అడిగేది ఒక్కటే, చూసిన మనిషికి యజమాని అనుమతి ఉందా లేదా అని. మూడేళ్ల క్రితం మీరు ఇచ్చారు, ఉంది. ఇప్పుడు వద్దంటే లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాడి జేబులో పాత తాళంచెవి మిగిలిపోయినంత మాత్రాన రోజూ వచ్చి తలుపు తీసుకోవచ్చని ఎవరూ అనరు కదా. చిక్కల్లా ఎక్కడంటే, మీరు వద్దన్నట్టు రుజువు ఏదీ అని రేపు అతని లాయర్ అడుగుతాడు. అందుకే ఒక్క మెసేజ్ పెట్టాలి. తిట్లూ పాత గొడవలూ ఏమీ లేకుండా, "నా మెయిల్, ఫోన్, ఇతర ఖాతాలు చూడటానికి ఇంతకుముందు ఇచ్చిన అనుమతి ఈ రోజుతో రద్దు చేస్తున్నాను" అని రాసి, తేదీ వేస్తే చాలు. అయితే అది ఇప్పుడే పంపకండి. అన్నీ సర్దుకున్నాక ఆఖర్న పంపాలి, లేకపోతే మీరు ఏం చేయబోతున్నారో అతనికి ముందే చెప్పినట్టవుతుంది. అతనికి చేయి చేసుకునే అలవాటు ఉంటే, లేదా మీ ఇల్లు అతనికి తెలిసి ఉంటే, పంపే ముందు 181కి ఫోన్ చేసి మాట్లాడండి, ఆ రాత్రి ఎక్కడ ఉండాలో కూడా చూసుకోండి.

ఇక సర్దుకోవడం. అందరూ చేసే పొరపాటు, కంగారులో ముందు పాస్‌వర్డ్ మార్చేయడం. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి మూడుసార్లు మార్చింది, అయినా అవతలివాడికి ఆమె మెయిల్స్ అందుతూనే ఉన్నాయి. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి `Forwarding and POP/IMAP` చూస్తే అక్కడ అతని మెయిల్ అడ్రస్ కూర్చుని ఉంది. కలిసి ఉన్న రోజుల్లో ఎప్పుడో పెట్టుకున్నాడు. ఫార్వర్డింగ్‌కి పాస్‌వర్డ్‌తో పనిలేదు, ఎన్నిసార్లు మార్చినా ప్రతి మెయిల్‌కీ కాపీ వెళ్తూనే ఉంటుంది. పక్కనే ఉండే `Filters and Blocked Addresses`లో కూడా ఇలాంటివి దాక్కుంటాయి, అదీ చూడండి. మీ ఇంటర్వ్యూల సంగతి అతనికి తెలియడానికి దారి ఇదే కావచ్చు, ల్యాప్‌టాప్ కాకపోవచ్చు.

కనిపించగానే తీసేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే తీసేయడం. గూగుల్ ఖాతాలో `Manage all devices` నొక్కితే మీ ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో, చివరగా ఎప్పుడు వాడారో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ పేజీ కింద కుడివైపు `Details` నొక్కితే ఏ ఐపీ అడ్రస్ నుంచి చూశారో వస్తుంది. ఈ వివరాలు ఎల్లకాలం అక్కడే ఉండవు, కొన్ని వారాల్లో జాబితా నుంచి జారిపోతాయి. తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్లు తీసి అదే ఫోన్‌లో, లేదా తీసిన కంప్యూటర్‌లోనే ఉంచండి. కోర్టులో వీటిని పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లూ ఒక నిపుణుడూ సంతకం చేయాలి. అందుకే ఫోన్ అమ్మేయడం, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం రెండూ వద్దు. మీ ఫోన్‌లో అతను నిఘా కోసం ఏదైనా స్పై యాప్ పెట్టి ఉంటే రీసెట్‌తో అది పోతుంది నిజమే, దాంతోపాటు రుజువు కూడా పోతుంది.

తర్వాత పని సిమ్. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. సిమ్ అతని పేరు మీద ఉంది కాబట్టి కంపెనీ దృష్టిలో కస్టమర్ అతనే. షాపుకి వెళ్లి ఫోన్ పోయిందని చెప్పి డూప్లికేట్ సిమ్ తీసుకుంటే మీ ఫోన్‌లో సిగ్నల్ చచ్చిపోతుంది, ఓటీపీలన్నీ అతని చేతికి వెళ్తాయి. మీరు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా "మర్చిపోయాను" నొక్కి మార్చేసుకోవచ్చు. నంబర్ మీ పేరు మీదికి మార్పించాలంటే అతను కూడా ఒప్పుకోవాలి, దానికోసం బతిమాలడం ఎందుకు. మీ పేరు మీద కొత్త సిమ్ తీసుకోండి. ముందు బ్యాంకు బ్రాంచికి వెళ్లి నంబర్ మార్పించుకోండి, తర్వాత ఆధార్ కేంద్రం, ఆ తర్వాత గూగుల్ రికవరీ నంబర్, రికవరీ మెయిల్. వాట్సాప్‌లో నంబర్ మార్చే ఆప్షన్ ఉంది, అది వాడి, `Linked devices`లో మీవి కానివి తీసేసి, టూ స్టెప్ పిన్ పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, మిగతా పరికరాలన్నీ సైన్ అవుట్ చేసి, బ్యాకప్ కోడ్‌లు కొత్తవి తీసుకోండి. పాతవి ఎక్కడో అతని డైరీలో ఉండి ఉంటాయి, మూడేళ్లు కలిసి ఉన్న ఇంట్లో ఇది మామూలే. వాట్సాప్ మార్పులు మీ ఫోన్‌లోనే చేయాలి కానీ, గూగుల్, జీమెయిల్ మార్పులన్నీ అక్కదో అమ్మదో ఫోన్‌లో చేయండి, మీ ఫోన్‌లో ఏముందో ఇంకా తెలియదు కదా.

కేసు సంగతి. ఐటీ చట్టం 66వ సెక్షన్‌కి మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి కానీ, అందులో దురుద్దేశమో మోసమో చూపించాలి. స్టేషన్లో చాలాసార్లు ఇక్కడే ఆగుతారు. "ఏం నష్టపోయావమ్మా" అంటారు. మీకు దగ్గరి దారి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, వెంటపడటం గురించి. ఒక స్త్రీ ఇంటర్నెట్, మెయిల్ వాడకం మీద మగవాడు నిఘా పెడితే అదీ వెంటపడటమేనని అందులోనే రాసి ఉంది, డబ్బు నష్టం చూపించక్కర్లేదు. మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష. ఫిర్యాదు cybercrime.gov.in లో పెట్టొచ్చు, షీ టీమ్స్ దగ్గరికి వెళ్లొచ్చు, లేదా ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. మా పరిధి కాదు పొమ్మంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అది మీ హక్కు.

ఫొటోల మాట. డిలీట్ చేయకండి. ఆ ఖాతా అతనిది, ఇందాక చెప్పిన 43వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. మీ మీద ఎదురు ఫిర్యాదు పెట్టడానికి అతనికి దొరికే ఒకే ఒక్క సాకు ఇదే అవుతుంది, పైగా రుజువులు చెరిపేసిందంటాడు. లోపలికి వెళ్లి చూడకుండా, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ ఖాతాని మీ ఫోన్ నుంచి మాత్రం తీసేయండి, అతని ఫొటోలకి ఏమీ కాదు. వ్యక్తిగత ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే ఆ మెసేజ్‌ని రుజువుగా దాచుకోండి. అలాంటి ఫొటో కాపీ మీ దగ్గర ఉంటే StopNCII.org లో నమోదు చేయొచ్చు. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని గుర్తు మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి దాన్ని బట్టి ఆ ఫొటోని ఆపుతాయి.

ఇద్దరి పేరు మీద బ్యాంకు ఖాతా ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, అతని పేరు మీరొక్కరే తీయించలేరు, అందుకు ఇద్దరి సంతకాలూ కావాలి. కానీ మా మధ్య వివాదం ఉంది, ఖాతాలో లావాదేవీలు ఆపండి అని మీరొక్కరే బ్రాంచికి లెటర్ ఇవ్వొచ్చు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.